103 రూపాయలకు కొన్న బాండ్ నిజంగా ఎంత ఇస్తుంది?

భారత ప్రభుత్వం 2024 ఏప్రిల్ 8న పదేళ్ల గడువుతో ఒక బాండ్ జారీ చేసింది. మార్కెట్లో దాని పేరు ‘7.10% GS 2034’. వివరాలన్నీ ఆ పేరులోనే ఉన్నాయి. వంద రూపాయల ముఖవిలువకు ఏడాదికి 7 రూపాయల 10 పైసల వడ్డీ వస్తుంది. దాన్ని రెండుగా చేసి ఏప్రిల్ 8న 3.55, అక్టోబర్ 8న 3.55 చెల్లిస్తారు. 2034 ఏప్రిల్ 8న ఆఖరి వడ్డీతో పాటు వంద రూపాయల అసలు తిరిగి వస్తుంది. గడువు తీరేదాకా ఈ అంకెల్లో ఒక్కటీ మారదు.

మారేది దాని ధర. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును మూడుసార్లు తగ్గించి 6.50 శాతం నుంచి 5.50 శాతానికి తెచ్చింది. కొత్తగా వచ్చే బాండ్ల మీద వడ్డీ తగ్గినప్పుడు, ఏటా 7.10 ఇచ్చే పాత బాండ్‌ను వంద రూపాయలకే వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. కావాలనుకున్నవారు పైన కొంత ఇచ్చి కొనుక్కోవాలి. ఆ ధర 103 రూపాయలు అనుకుందాం. ఇక్కడ చెప్పే ధరలు లెక్క కోసం తీసుకున్నవే కానీ బాండ్, దాని తేదీలు, వడ్డీ మాత్రం అసలైనవి.

103 పెట్టి కొన్నవారికి రాబడి ఎంత? 7.10 శాతం అనడానికి లేదు, ఎందుకంటే ఆ వడ్డీ వంద మీద వస్తోంది, పెట్టింది 103. పోనీ 7.10ని 103తో భాగిస్తే 6.89 శాతం వస్తుంది. అదీ సరైన జవాబు కాదు. 103 పెట్టినవారికి 2034లో తిరిగి వచ్చేది వందే. ఆ మూడు రూపాయల నష్టాన్ని మధ్యలో ఉన్న సంవత్సరాలకు పంచాలి. అలా పంచి, ప్రతి వడ్డీ ఏ రోజు చేతికొస్తుందో కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చే అంకె 6.64 శాతం. దీన్నే ఈల్డ్ టు మెచ్యూరిటీ అంటారు, క్లుప్తంగా వైటీఎం. బాండ్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ మాట్లాడుకునేది ఈ అంకెతోనే.

ఈ లెక్క కోసం ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో దీనికి రెండు ఫంక్షన్లు ముందే అమర్చి ఉన్నాయి. ఈల్డ్ ఇస్తే ధర చెప్పేది `PRICE`. ధర ఇస్తే ఈల్డ్ చెప్పేది `YIELD`. రెంటిలో `PRICE` పని సూటిగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని చూడటం మేలు.

2025 జూలై 7, సోమవారం నాడు కొన్నారనుకోండి. ప్రభుత్వ సెక్యూరిటీల్లో డబ్బు, బాండ్ చేతులు మారేది మర్నాడు. అంటే సెటిల్‌మెంట్ తేదీ జూలై 8. ఏప్రిల్ 8 నాటి వడ్డీ పాత యజమానికి అందిపోయింది, అక్టోబర్ 8 నాటిది ఇంకా రావాలి, జూలై 8 సరిగ్గా వాటి నడిమధ్య ఉంది. ఈ బాండ్ మీద 6.5 శాతం ఈల్డ్ కావాలనుకునేవారు ఎంత ధర ఇవ్వవచ్చో ఈ ఒక్క వరుస చెబుతుంది:

```
=PRICE(DATE(2025,7,8), DATE(2034,4,8), 7.10%, 6.5%, 100, 2, 0)
```

బ్రాకెట్లో ఉన్నవి వరుసగా సెటిల్‌మెంట్ తేదీ, మెచ్యూరిటీ తేదీ, కూపన్ రేటు, కోరుకున్న ఈల్డ్, వంద ముఖవిలువకు చివర్లో తిరిగి వచ్చే మొత్తం, ఏడాదికి ఎన్ని వాయిదాలు, రోజులు లెక్కపెట్టే పద్ధతి. జవాబు 103.9423.

ఫంక్షన్ లోపల జరుగుతున్నది ఒక కాగితం మీద రాసుకోగలిగిన లెక్కే. అక్టోబర్ 2025 నుంచి ఏప్రిల్ 2034 వరకు 18 వాయిదాలు రావాలి. ఆరు నెలలకు 3.25 శాతం చొప్పున ప్రతి వాయిదానూ వెనక్కి లాగి, ఈనాటి విలువలోకి తెస్తుంది. మొదటి 3.55 సగం వాయిదా దూరంలోనే ఉంది కాబట్టి దాని విలువ ఈనాటికి 3.49. చివరి వాయిదా, అంటే వడ్డీ, అసలు కలిసిన 103.55, పదిహేడున్నర వాయిదాల దూరంలో ఉంది. దాని ఈనాటి విలువ 59.17 మాత్రమే. ఇలా పద్దెనిమిదింటినీ కూడితే 105.7173 వస్తుంది.

మరి జవాబులో 103.9423 అని ఎందుకు చూపించింది? తేడా 1.775. ఏప్రిల్ 8 నుంచి జూలై 8 వరకు బాండ్‌ను పట్టుకుని ఉన్నది అమ్మినవారు. ఆ మూడు నెలల వడ్డీ వారిది. కానీ అక్టోబర్‌లో 3.55 మొత్తం కొన్నవారి ఖాతాలోనే పడుతుంది. అందుకని వారి వాటా 1.775ను కొనేవారు ముందే చెల్లించాలి. దీన్ని పోగైన వడ్డీ అంటారు. మార్కెట్ తెరల మీద కనిపించేది ఇది కలపని ధర. ఖాతాలోంచి వెళ్లేది కలిపిన ధర. `PRICE` ఇచ్చేది మొదటిదే. `YIELD` అడిగేదీ మొదటిదే. కట్టిన మొత్తం డబ్బును ధరగా భావించి `YIELD`లో వేస్తే రాబడి ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

పోగైన వడ్డీని విడిగా తెలుసుకోవడానికి ఇంకో రెండు ఫంక్షన్లు చాలు. ఒకటి గత వడ్డీ తేదీ నుంచి ఎన్ని రోజులయ్యాయో చెబుతుంది, రెండోది ఒక వాయిదాలో మొత్తం ఎన్ని రోజులో చెబుతుంది:

```
=7.10/2*COUPDAYBS(DATE(2025,7,8),DATE(2034,4,8),2,0)/COUPDAYS(DATE(2025,7,8),DATE(2034,4,8),2,0)
```

మొదటిది 90, రెండోది 180. మన ప్రభుత్వ బాండ్లలో నెలకు 30 రోజులు, ఏడాదికి 360 రోజులు అని లెక్కగడతారు. అందువల్ల క్యాలెండర్ ప్రకారం 91 రోజులు గడిచినా ఇక్కడ 90 అనే వస్తుంది. చివర్లో వేసిన సున్నా చెప్పేది ఈ పద్ధతినే.

ఇప్పుడు ఈల్డ్ మార్చి చూస్తే బాండ్ స్వభావం తెలుస్తుంది. అదే ఫార్ములాలో 6.5 బదులు 7.5 శాతం వేస్తే ధర 97.4506కి పడిపోతుంది. ఈల్డ్ ఒక్క శాతం పెరిగితే వంద రూపాయల బాండ్ ఆరున్నర రూపాయలు తగ్గింది. బాండ్ ఇచ్చే డబ్బు మారదు కాబట్టి, ఎక్కువ రాబడి కోరేవారు తక్కువ పెట్టి కొనాలి, అంతే. గడువు ఎంత దూరంగా ఉంటే ఈ ఊపు అంత ఎక్కువ. ప్రభుత్వ బాండ్‌లో నష్టమే ఉండదని నమ్మి కొన్నవారు మధ్యలో అమ్ముకోవాల్సి వస్తే తెలుసుకునేది ఈ ఆరున్నర రూపాయల సంగతే. గడువు దాకా ఉంచుకునేవారికి మాత్రం వంద వంద లాగే వస్తుంది.

ఈల్డ్‌ను కూపన్‌తో సమానంగా, 7.10 శాతం వేస్తే? ధర సరిగ్గా వంద రావాలని ఎవరైనా అనుకుంటారు. `PRICE` ఇచ్చేది 99.9845. ఇది ఎక్సెల్ పొరపాటు కాదు. పోగైన వడ్డీని అమ్మేవారికి మామూలు వడ్డీగా, సగం కాలానికి సరిగ్గా సగం లెక్కన కడతారు. వాయిదాలను వెనక్కి లాగేది మాత్రం చక్రవడ్డీ లెక్కన. ఈ రెంటి మధ్య తేడా వాయిదా మధ్యలో ఒకటిన్నర పైసా దాకా పెరిగి, వడ్డీ పడే రోజుకు మళ్లీ సున్నా అవుతుంది. సెటిల్‌మెంట్‌ను ఏప్రిల్ 8కి మార్చి చూస్తే వంద కచ్చితంగా వస్తుంది. ఫార్ములాలో అన్నీ సరిగ్గా వేశామా అని పరీక్షించుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు: వడ్డీ తేదీన, కూపన్‌తో సమానమైన ఈల్డ్ వేసి, వంద వచ్చిందో లేదో చూడాలి.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, మన చేతిలో ఉన్నది 103 రూపాయల ధర, కావలసింది ఈల్డ్. చిక్కేమిటంటే ధర నుంచి ఈల్డ్‌ను నేరుగా తీసే సూత్రం లేదు. పద్దెనిమిది వాయిదాల్లోనూ, పద్దెనిమిది వేర్వేరు ఘాతాల్లోనూ అదే ఈల్డ్ దాక్కుని ఉంది. దాన్ని ఒక పక్కకు తెచ్చి విడదీయడం కుదరదు. కాబట్టి ఊహించి, సరిచూసి, మళ్లీ ఊహించాలి. 6.6 శాతం వేస్తే ధర 103.2692, కొంచెం ఎక్కువైంది. 6.7 వేస్తే 102.6016, ఈసారి తక్కువైంది. జవాబు ఈ రెంటి మధ్య, 6.6కి కాస్త దగ్గరగా ఉంది. ఆ 67 పైసల దూరంలో 103 ఎక్కడ పడుతుందో చూస్తే 6.64 దగ్గర తేలుతుంది. ఫంక్షన్ చేసేదీ ఇలాంటి వెతుకులాటే:

```
=YIELD(DATE(2025,7,8), DATE(2034,4,8), 7.10%, 103, 100, 2, 0)
```

న్యూటన్ పేరు మీదున్న పద్ధతిలో, ఈల్డ్‌ను కొద్దిగా కదిపితే ధర ఎంత కదులుతుందో చూసుకుంటూ, ఎక్సెల్ తర్వాతి ఊహను ఎంచుకుంటుంది. ఇలా నూరుసార్ల వరకు ప్రయత్నిస్తుంది. మామూలు బాండ్‌కు నాలుగైదు ఊహలతోనే జవాబు అందుతుంది. సెల్‌లో 6.64% అని కనిపించాక, ఆ సెల్‌నే `PRICE`లో ఈల్డ్ స్థానంలో పెట్టి చూస్తే 103 తిరిగి రావాలి. రాకపోతే రెండు ఫార్ములాల్లో ఏదో ఒక అంకె వేరుగా ఉందన్నమాట.

తప్పులు రెండు రకాలు. మొదటి రకం అరిచి చెబుతుంది. కూపన్ దగ్గర 7.10% బదులు శాతం గుర్తు లేకుండా 7.10 అని వేస్తే అది 710 శాతం అవుతుంది, ధర 4,700 దాటిపోతుంది. తేదీని ఎక్సెల్ గుర్తించలేకపోతే `#VALUE!` అంటుంది. సెటిల్‌మెంట్, మెచ్యూరిటీ తేదీలు తారుమారైతే `#NUM!` అంటుంది. వీటివల్ల ప్రమాదం లేదు, ఎవరైనా వెంటనే పట్టుకుంటారు.

రెండో రకం చప్పుడు చేయదు. ఫార్ములాలో `DATE` వాడకుండా సెల్‌లో 8/7/2025, 8/4/2034 అని తేదీలు కొట్టారనుకుందాం. కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి ఉంటే నెల ముందు, రోజు తర్వాత. జూలై 8 కాస్తా ఆగస్ట్ 7 అవుతుంది, ఏప్రిల్ 8 కాస్తా ఆగస్ట్ 4 అవుతుంది. 6.5 శాతానికి `PRICE` ఇప్పుడు 104.04 అంటుంది. అసలు జవాబు 103.94. పది పైసల తేడా చూసి ఎవరికీ అనుమానం రాదు. మిగిలిన వాయిదాలు ఎన్నని `COUPNUM`తో అడిగినా, రెండు సందర్భాల్లోనూ 18 అనే చెబుతుంది. కానీ పోగైన వడ్డీ 1.775 ఉండాల్సింది మూడు రోజుల వడ్డీగా, ఆరు పైసల దగ్గర తేలుతుంది. కట్టాల్సిన డబ్బులో వందకు రూపాయి అరవై పైసల పైనే తేడా వచ్చేసింది. దీన్ని బయటపెట్టేది గత వడ్డీ తేదీని చెప్పే ఫంక్షన్:

```
=COUPPCD(DATE(2025,7,8), DATE(2034,4,8), 2, 0)
```

తేదీలు సరిగ్గా ఉంటే ఇది 2025 ఏప్రిల్ 8 అని చూపాలి. (సెల్‌లో ఏదో పెద్ద అంకె కనిపిస్తే దాన్ని తేదీ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి.) తేదీలు తిరగబడిన షీట్‌లో తేదీలున్న సెల్స్‌తో ఇదే అడిగితే 2025 ఆగస్ట్ 4 అని వస్తుంది. ఈ బాండ్ ఆగస్ట్‌లో వడ్డీయే ఇవ్వదు.

రోజుల పద్ధతిని సూచించే ఆ చివరి అంకెతోనూ జాగ్రత్త అవసరం. ఎక్సెల్‌లో సున్నా అంటే 30/360, ఒకటి అంటే క్యాలెండర్ ప్రకారం అసలు రోజులు. ఇంజినీరింగ్ కాలేజీల్లో, ఫైనాన్స్ సంస్థల్లో వాడే మ్యాట్‌ల్యాబ్‌లో ఇవే పనులకు `bndprice`, `bndyield` అనే ఫంక్షన్లున్నాయి. అక్కడ సున్నా అంటే అసలు రోజులు, ఒకటి అంటే 30/360. సరిగ్గా తిరగబడ్డాయి. ఒకచోటి లెక్కను ఇంకోచోటికి మార్చేవారు ఈ అంకెను యథాతథంగా తీసుకెళ్లకూడదు.

వచ్చిన 6.64ను దేనితో పోల్చాలి? ఎక్కువమంది వెంటనే చూసేది బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వైపు. డిపాజిట్ రేటు 6.60 ఉంటే బాండే మెరుగని అనిపిస్తుంది. అయితే ఈ 6.64 ఆర్నెల్లకోసారి కట్టే లెక్కలో చెప్పిన రేటు. `EFFECT(6.64%,2)` అని అడిగితే ఏడాది మొత్తానికి 6.75 శాతం అవుతుందని చెబుతుంది. బ్యాంకు డిపాజిట్ వడ్డీని సాధారణంగా మూడు నెలలకోసారి అసలులో కలుపుతారు. `EFFECT(6.60%,4)` ఇచ్చేది 6.77 దగ్గర. అంటే పైకి తక్కువ కనిపించిన డిపాజిట్టే వెంట్రుకవాసి ముందుంది. రెండు రేట్లనూ ఒకే కొలతలోకి తేకుండా పక్కపక్కన పెట్టి చూడటం అర్థం లేని పని. రెంటి మీదా వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను కట్టాల్సిందే, దాన్ని ఈ ఫంక్షన్లేవీ లెక్కలోకి తీసుకోవు.

ఇంకో ముఖ్యమైన సంగతి 6.64 అనే మాటలోనే ఇమిడి ఉంది. చేతికొచ్చిన ప్రతి వడ్డీనీ మళ్లీ అదే 6.64కు పెట్టుబడిగా పెడతారన్న ఊహ మీద ఆ అంకె నిలబడుతుంది. రిజర్వ్ బ్యాంక్ 2021 నవంబర్‌లో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్ ద్వారా సామాన్యులు కనీసం పది వేల రూపాయల ముఖవిలువతో బాండ్లు కొనవచ్చు. పది వేలకే లెక్క వేద్దాం. ధర 10,300, పోగైన వడ్డీ 177.50, మొత్తం కట్టేది 10,477.50. తొమ్మిదేళ్లకు కాస్త తక్కువ కాలంలో తిరిగి వచ్చేది 355 చొప్పున 18 సార్లు, ఆపై పది వేలు. కలిపితే 16,390.

ఆ 355లు వచ్చినవి వచ్చినట్టు 6.64కు పెడుతూ పోతే 2034 ఏప్రిల్ నాటికి చేతిలో సుమారు 18,550 ఉంటుంది. ఏమీ చేయకుండా వడ్డీ రాని చోట అట్టే ఉంచేస్తే 16,390 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఏడాదికి పడిన రాబడి 5.25 శాతమే. నెలవారీ ఖర్చులకు వడ్డీ వాడుకునే రిటైరైనవారికి ఇది నష్టం కాదు, వారు ఆ డబ్బును అనుభవించారు. కానీ గడువు తీరేనాటికి ఫలానా మొత్తం చేతికొస్తుందని 6.64ను పట్టుకుని లెక్క వేసుకుంటే మాత్రం రెండు వేల పైన తేడా వస్తుంది.

రిటైల్ డైరెక్ట్‌లోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లూ దొరుకుతాయి. వాటి వడ్డీ కూడా ఆర్నెల్లకోసారే కాబట్టి పైన రాసిన ఫార్ములాలో తేదీలు, కూపన్ మార్చుకుంటే సరిపోతుంది. కంపెనీల బాండ్లకు వచ్చేసరికి వాయిదాల సంఖ్య మారుతుంది. ఏడాదికోసారి వడ్డీ ఇస్తే 1, మూడు నెలలకోసారి ఇస్తే 4 వేయాలి. నెలనెలా వడ్డీ ఇచ్చే బాండ్‌కు ఈ ఫంక్షన్లలో చోటే లేదు, 1, 2, 4 తప్ప మరో అంకెను అవి ఒప్పుకోవు. అసలును కూడా విడతలుగా తిరిగిచ్చే బాండ్లకూ పనికిరావు. అలాంటప్పుడు డబ్బు వెళ్లిన తేదీ, వచ్చే తేదీలన్నీ ఒక వరుసలో, మొత్తాలు పక్క వరుసలో రాసి `XIRR` వాడాలి. అది ఏడాది మొత్తం మీది రేటునే చెబుతుంది. మన బాండ్‌కు వాడితే 6.64 కాకుండా 6.75 దగ్గరగా చూపేది అందుకే.

గడువుకు ముందే తిరిగి చెల్లించే హక్కు కంపెనీ దగ్గర ఉన్న బాండ్లలో మెచ్యూరిటీ తేదీ స్థానంలో ఆ ముందస్తు తేదీని, వంద స్థానంలో ఆ రోజు ఇచ్చే మొత్తాన్ని వేసి ఇంకో ఈల్డ్ తీయాలి. రెంటిలో తక్కువదాన్నే లెక్కకు తీసుకోవాలి. బ్యాంకుల అడిషనల్ టైర్-1 బాండ్లకైతే మెచ్యూరిటీ తేదీ అనేదే ఉండదు. వాటికి చెప్పే ఈల్డ్ సాధారణంగా బ్యాంకు తిరిగి చెల్లించే అవకాశమున్న మొదటి తేదీని వేసి తీసినదే, ఆ రోజున బ్యాంకు చెల్లించి తీరాలన్న నియమం లేదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకును గట్టెక్కించే క్రమంలో 8,415 కోట్ల రూపాయల ఇలాంటి బాండ్లను పూర్తిగా రద్దు చేశారు. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ బాండ్లకు రద్దుకు ముందు `YIELD` చూపిన అంకెల్లో గణితపరంగా తప్పేమీ లేదు. వాయిదాలన్నీ అందుతాయని అనుకునే ఆ ఫంక్షన్ లెక్క వేస్తుంది, చెల్లించేది ఎవరన్న ప్రశ్నకు అందులో గడి లేదు.